మోకాలి నొప్పి, 92 కిలోల బరువు: తుంటి పరీక్షకు 14 నెలలు ఎందుకు పట్టింది

ఇది ఒక్క పేషెంటు కథ కాదు. ఒకే దారిలో తిరిగి ఆలస్యంగా తేలిన కేసుల వివరాలు కలిపి, ఎవరూ గుర్తుపట్టకుండా మార్చి రాసినది. ఓపీలో కూర్చునే జూనియర్ డాక్టర్లకీ, ఫిజియోథెరపిస్టులకీ పనికొస్తుందని ఇంత వివరంగా ఇస్తున్నాం. పేషెంట్లు చదివినా అర్థమవుతుంది.

పేషెంటు

గాజువాకలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టే 39 ఏళ్ల మహిళ. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు, బీఎంఐ 38. ఎడమ మోకాలు నొప్పి అని 14 నెలలుగా తిరుగుతున్నారు. సంచీలో ఐదు ఓపీ చీటీలు, రెండు మోకాలి ఎక్స్-రేలు ఉన్నాయి. ఐదు చీటీల్లోనూ రోగ నిర్ధారణ దాదాపు ఒకటే: స్థూలకాయం, మోకాళ్ల అరుగుదల. సలహా కూడా ఒకటే: బరువు తగ్గాలి.

చీటీలను తేదీల వారీగా పరిస్తే కేసు సగం అక్కడే కనిపిస్తుంది. మొదటిసారి నొప్పి మాత్రలు, కాల్షియం రాశారు. రెండోసారి మోకాలి ఎక్స్-రే తీశారు. అందులో కొద్దిగా ఎముక ముళ్లు కనిపించాయి, కీలు సందు మాత్రం బాగానే ఉంది. మూడోసారి మోకాలిలో 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్, తొడ కండరాలకు వ్యాయామం, రోజూ బీచ్ రోడ్డులో గంట నడక. నాలుగోసారి వెళ్లేసరికి ఆవిడ రోజుకో పూట తిండి మానేసి 5 కిలోలు తగ్గి ఉన్నారు, నొప్పి మాత్రం పెరిగింది. చీటీలో "ఇంకా తగ్గాలి" అని ఉంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, తగ్గిన కిలోలు మళ్లీ వచ్చేశాయి. అడిగితే ఒకే మాట చెప్పారు: "ఎళ్తే మళ్లీ కాటా ఎక్కమంటారు, అందరి ముందూ కేజీలు అరుస్తారు. ఆ మాటేదో నాకు తెలిసిందే కదండీ." ఐదోసారి వేరే డాక్టరు రెండో ఎక్స్-రే తీసి, మళ్లీ అదే రాశారు.

ఐదు చీటీల్లో ఎక్కడా తుంటి అన్న మాట లేదు. కాలు కదిపి చూసినట్టు ఒక్క డిగ్రీ కూడా రాసి లేదు.

మోకాలు చెబుతున్నది మోకాలి మాటేనా?

తుంటి కీలులో జబ్బు ఉన్నప్పుడు నొప్పి గజ్జలో రావాలని పుస్తకం చెబుతుంది. చాలామందిలో అది తొడ ముందు భాగంగుండా మోకాలికి దిగుతుంది. కొందరికి మోకాలిలోనే తెలుస్తుంది. కారణం, ఈ రెండు కీళ్లకీ ఫెమొరల్, ఆబ్చ్యురేటర్ నరాల కొమ్మలు వెళ్తాయి. అందుకే మోకాలి నొప్పి అన్న ప్రతి మనిషికీ తుంటి తిప్పి చూడాలన్నది మెడికల్ కాలేజీలో చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. సన్నగా ఉన్న కుర్రాడు మోకాలి నొప్పితో వస్తే చాలామంది ఇది చేస్తారు కూడా. లావుగా ఉన్న మనిషి వస్తే కారణం గుమ్మంలోనే దొరికిపోయినట్టు ఉంటుంది, చెయ్యి తుంటి దాకా వెళ్లదు.

ప్రశ్నలతోనే సగం తేల్చవచ్చు. మోకాలి అరుగుదలలో మెట్లు దిగేటప్పుడు, గొంతుకూర్చునేటప్పుడు బాధ ఎక్కువ. తుంటిలో ఇబ్బంది వేరేగా ఉంటుంది: బాసింపట్టు వేసుకోలేరు, కాలి మెట్టెలు సరిచేసుకోలేరు, ఆటో ఎక్కేటప్పుడు కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటారు. ఈవిడ మూడింటికీ అవునన్నారు. "మెట్టెలు మా అమ్మాయే సరిచేస్తోంది" అన్నారు. పొట్ట అడ్డొచ్చి కాలు అందకపోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ తేడా తెలుసుకోవడం తేలికే: కుడికాలి మెట్టె అందుతోందా అని అడగాలి. పొట్ట రెండు కాళ్లకీ ఒకటే అడ్డం. ఈవిడకు కుడిది అందుతోంది, ఎడమది అందడం లేదు.

పరీక్షకు ఐదు నిమిషాలు చాలు. పేషెంటును బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టాలి. భారీ శరీరం ఉన్నవారికి పడుకోబెట్టి మోకాలు మడిచి చేసేదానికన్నా ఇదే నయం. పొట్ట అడ్డురాదు, పిరుదులు బల్లకు ఆనుకుని ఉంటాయి కాబట్టి నడుము కదలదు. మోకాలు కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, పాదాన్ని బయటివైపు తిప్పాలి. పాదం బయటికి వెళ్తే తుంటి లోపలికి తిరుగుతుంది. మామూలుగా 30 డిగ్రీలు, ఆపైన రావాలి. తుంటి జబ్బులో ముందు తగ్గేది ఈ కదలికే. ఈవిడకు ఎడమవైపు 5 డిగ్రీల దగ్గరే పట్టేసింది, కుడివైపు 20 వచ్చింది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పిక్కను పట్టుకుని తిప్పుతున్నాం కాబట్టి మోకాలి మీద కూడా కొంత మెలిక పడుతుంది. నొప్పి ఎక్కడిదో ఇంకా అనుమానమే. అందుకే రెండో పరీక్ష కావాలి: వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాచి ఉంచి, తొడను రోకలి దొర్లించినట్టు అటూ ఇటూ దొర్లించాలి. మోకాలు మడవం, తిప్పం. అయినా ఎడమ మోకాలిలో అదే నొప్పి వచ్చింది, గజ్జలో కూడా. ఇక మోకాలిని విడిగా పరీక్షిస్తే నీరు లేదు, కీలు గీత మీద నొక్కితే నొప్పి లేదు, 125 డిగ్రీల దాకా మడుస్తున్నారు.

మోకాలి ఇంజెక్షన్‌తో ఒక్క రోజు కూడా ఉపశమనం రాలేదన్నదీ పనికొచ్చే ఆధారమే. నొప్పి నిజంగా ఆ కీలుదే అయితే మందు కొన్నాళ్లయినా పనిచెయ్యాలి. చెయ్యకపోతే నొప్పి చిరునామా తప్పేమో చూసుకోవాలి. అలాగే 5 కిలోలు తగ్గాక నొప్పి పెరగడం. బరువే కారణమన్న అంచనాకు అది పరీక్ష లాంటిది, ఆ పరీక్షలో అంచనా తప్పింది. చీటీ మీద మాత్రం పేషెంటే తప్పినట్టు రాశారు.

బరువు ఎప్పుడు పెరిగింది?

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే, దీన్ని ఐదు చోట్లా ఎవరూ అడగలేదు. అందరూ 92 అన్న అంకె చూశారు, అది ఎప్పుడు 92 అయిందో చూడలేదు.

నొప్పి మొదలవడానికి తొమ్మిది నెలల ముందు ఆవిడ బరువు 71 కిలోలు. అప్పటికీ బీఎంఐ 29.5. మన దేశంలో వాడే లెక్క ప్రకారం 25 దాటితే స్థూలకాయమే. ఆ బరువుతోనే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, సుమారు 32 కిలోమీటర్లు, నడిచి పూర్తిచేశారు. మోకాలు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో 21 కిలోలు పెరిగారు.

కుట్టుపని చేసే మనిషి కావడం కలిసొచ్చింది. తన జాకెట్టు కొలతలు పుస్తకంలో రాసుకునే అలవాటుంది. ఆ ఎనిమిది నెలల్లో ఒంటి చుట్టుకొలత ఐదంగుళాలు పెరిగింది, చేతి లూజు మాత్రం మారలేదు. తిండి వల్ల పెరిగే బరువు సాధారణంగా చేతులనీ తొడలనీ వదిలిపెట్టదు. నడుము, ముఖం, మెడ వెనక భాగం పెరిగి, చేతులూ కాళ్లూ అలాగే ఉంటే స్టెరాయిడ్ గుర్తుకు రావాలి.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే లేదనే అన్నారు. నిజమే చెప్పారు, ఆవిడ లెక్కలో అవి మందులు కావు. "ఆయాసం వచ్చినప్పుడు ఏం వేసుకుంటారు?" అని అడిగితే సంచీలోంచి కాగితం పొట్లం తీశారు. "ఆయాసం బిళ్లలు మందులేటండి, మా వీధిలో డాక్టరు గారు ఇస్తారు, ఏసుకుంటే గంటలో తేలికైపోద్ది." పేరు లేని చిన్న బిళ్లలు. ఇలాంటప్పుడు ఊహించడం కన్నా, ఇంకోసారి కొనేటప్పుడు బిళ్లలు కాదు, స్ట్రిప్ చూపించమని అడిగి ఫొటో తీసుకురమ్మనడం మేలు. తెచ్చారు: బీటామెథసోన్ 0.5 మిల్లీగ్రాములు. మొదటి ఐదు నెలలు పూటకి రెండు చొప్పున మూడు పూటలా వేసుకున్నారు. ఆ తర్వాత రోజుకి రెండో మూడో, ఇప్పటికీ.

లెక్క కట్టాలి. బీటామెథసోన్ 0.6 మిల్లీగ్రాములు ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. రోజుకి 3 మిల్లీగ్రాములంటే ప్రెడ్నిసొలోన్ 25. మూడు నెలలకే 2,250 మిల్లీగ్రాములు. మూడు నెలల వ్యవధిలో 2 గ్రాములు దాటడాన్ని తుంటి బంతికి రక్తప్రసరణ ఆగి ఎముక చనిపోయే జబ్బుకు, అంటే ఏవీఎన్‌కు, స్టెరాయిడ్ కారణమని చెప్పడానికి గీతగా వాడతారు. ఈవిడ ఆ గీత దాటారు.

అంటే బరువూ, తుంటి నొప్పీ రెండూ ఒకే పొట్లంలోంచి వచ్చాయి. ఒక ఫలితాన్ని ఇంకో ఫలితానికి కారణమనుకుని 14 నెలలు చికిత్స చేశారు. పైగా మోకాలిలో ఇచ్చిన ట్రయామ్సినొలోన్ కూడా స్టెరాయిడే, రోజూ గంట నడక చనిపోతున్న ఎముక మీద పడిన బరువే.

చర్మం కూడా చూడాలి. గుండ్రటి ముఖం, మెడ మీద కొవ్వు మామూలు స్థూలకాయంలోనూ ఉంటాయి, వాటితో తేలదు. సెంటీమీటరు కన్నా వెడల్పైన చారలు, పల్చబడ్డ చర్మం, తగిలీ తగలకుండానే కమిలిపోవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోవడం, ఇవి తేడా చెబుతాయి. మన ఒంటి రంగులో చారలు ఊదాగా కనబడాలని ఎదురుచూడకూడదు. వెడల్పు చూడాలి, వేలితో తడిమి పల్చదనం చూడాలి. ఈవిడకు చీరకట్టు కింద, పొట్ట పక్కన అలాంటి చారలున్నాయి. అక్కడ చూడాలంటే ముందు అడిగి, తోడుగా మహిళా సిబ్బందిని ఉంచి, పరీక్ష బల్ల మీద పడుకోబెట్టాలి. ఐదు ఓపీల్లోనూ పరీక్ష స్టూలు మీదే జరిగింది.

ఎక్స్-రే, ఎంఆర్‌ఐ

రెండు తుంటులూ ఒకే ఫిల్ములో వచ్చేలా ముందు నుంచి ఒక ఎక్స్-రే, కప్ప కాళ్ల భంగిమలో ఇంకొకటి అడగాలి. బంతి పైపొర కింద వచ్చే నెలవంక లాంటి నల్లగీత రెండో దానిలోనే బాగా కనబడుతుంది. ముందు నుంచి తీసినది ఒక్కటే చూసి బాగుందని పంపేయడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. ఇంకోటి, పొట్ట మడత తుంటి మీద పడితే ఫిల్ము మబ్బుగా వస్తుంది. మడతను పైకి పట్టుకోమని చెప్పి, ఎక్స్-రే శక్తి పెంచి తీయమని చీటీ మీదే రాయాలి. మబ్బు ఫిల్ము చూసి "లావు వల్ల సరిగా రాలేదు" అని రిపోర్టు రాస్తే పరీక్ష జరగనట్టే లెక్క.

ఎడమ బంతిలో నెలవంక గీత ఉంది, పైభాగం కొద్దిగా కుంగింది: ఫికాట్ మూడో దశ. కుడి బంతి ఎక్స్-రేలో మామూలుగా ఉంది. ఇక్కడ ఆగకూడదు. స్టెరాయిడ్ వల్ల వచ్చే ఏవీఎన్ చాలాసార్లు రెండువైపులా ఉంటుంది, మొదటి దశలో ఎక్స్-రేకి దొరకదు. కుడివైపు 20 డిగ్రీలే తిరగడం అప్పటికే హెచ్చరిక. ఎంఆర్‌ఐ తప్పదు.

ఒక స్కాన్ సెంటర్ ఫోన్లోనే "92 కేజీలా, మా మెషీన్లో కుదరదు" అంది. ఎంఆర్‌ఐ బల్లలు సాధారణంగా 150 కిలోలు, అంతకు మించి మోస్తాయి. కుదరకపోతే అది సొరంగం వెడల్పు వల్ల. పాత మెషీన్లలో 60 సెంటీమీటర్లు, వెడల్పైన వాటిలో 70. కాబట్టి పంపేముందు పేషెంటును పడుకోబెట్టి భుజాల దగ్గర, తుంటి దగ్గర అడ్డంగా ఎంత వెడల్పు ఉన్నారో టేపుతో కొలిచి చీటీ మీద రాయాలి. ఈవిడ అత్యధిక వెడల్పు 52 సెంటీమీటర్లు. మామూలు మెషీన్లోనే, మహారాణిపేటలో ఇంకో సెంటర్లో అయిపోయింది. కుడి బంతిలో కూడా ఏవీఎన్ ఉంది, కుంగలేదు. దెబ్బతిన్న భాగం కోణాన్ని ముందు నుంచి, పక్క నుంచి కొలిచి కలిపితే సుమారు 180 డిగ్రీలు. 240 దాటితే కుంగిపోయే ముప్పు బాగా ఎక్కువ. అంటే కుడిది కాపాడుకునే అవకాశం ఉన్న తుంటి.

14 నెలల ముందు చూసి ఉంటే ఎడమది దక్కేదా? అప్పుడు తుంటి ఫిల్మే తీయలేదు కాబట్టి ఏ దశలో ఉండేదో ఎవరూ చెప్పలేరు. ముందే కనిపెట్టినా కొన్ని బంతులు కుంగుతాయి. ప్రయత్నించే వీలైతే ఉండేది, అది పోయింది.

చికిత్స: బరువు నిజంగా లెక్కలోకి వచ్చిన చోట్లు

మొదటి పని బిళ్లలు ఆపించడం కాదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ తీసుకున్న శరీరంలో అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బీటామెథసోన్‌ను ఉదయం ఒక్క పూట ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములకు మార్చి, కొన్ని వారాల తర్వాత, ఆ రోజు బిళ్ల వేసుకోకముందే ఉదయం 8 గంటలకు ఆ గ్రంథులు తయారుచేసే కార్టిసోల్ రక్తంలో ఎంతుందో చూస్తే డెసిలీటరుకు 4.1 మైక్రోగ్రాములు వచ్చింది. 10 దాటితే గ్రంథులు కోలుకున్నట్టు, 5 లోపు ఉంటే ఇంకా నిద్రలో ఉన్నట్టు. కాబట్టి 5 మిల్లీగ్రాములు కొనసాగించి, జ్వరం వస్తే రెట్టింపు చేయమని, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి రమ్మని కార్డు మీద రాసి ఇచ్చారు. ఆయాసానికి స్పైరోమెట్రీ చేస్తే ఆస్తమా అని తేలింది. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్హేలర్ మొదలైంది. ఇది చేయకపోతే పేషెంటు మళ్లీ ఆ వీధికే వెళ్తారు.

ఆపరేషన్ మాట వచ్చేసరికి "40 కిలోలు తగ్గాక చూద్దాం" అన్న సలహా ఇంకోసారి వచ్చింది. లావు ఎక్కువైతే తుంటి మార్పిడిలో ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుందన్నది నిజం. అయితే 2023లో అమెరికా రుమటాలజీ, కీళ్ల మార్పిడి సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు, ఒక బీఎంఐ అంకె కోసం ఆపరేషన్ వాయిదా వేయొద్దనే చెబుతున్నాయి. షుగరు అదుపులో లేకపోతే, పొగ తాగుతుంటే మాత్రం కొంత ఆగమన్నాయి. ఈవిడ మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9 శాతం. ఆగాల్సిన కారణం లేదు.

రెండు తుంటులకీ ఒకే మత్తులో చేయాలన్న నిర్ణయం వెనక లెక్క ఇది. కుడి బంతిలో రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్, కోర్ డికంప్రెషన్ తర్వాత ఆరు వారాలు ఆ కాలి మీద పూర్తి బరువు వేయకూడదు. ఎడమది చెడిపోయి ఉండగా కుడిని కాపాడటం కుదరదు. ఎడమది ముందు మార్చి కుడిని ఆపితే, ఈలోపు కుడిది కుంగవచ్చు. అందుకే ముందు కుడికి కోర్ డికంప్రెషన్, వెంటనే ఎడమకు తుంటి మార్పిడి. కొత్త ఎడమ తుంటి బరువు మోస్తుంది, కుడిది వాకర్‌తో సగం బరువు. మత్తు మొదట్లో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి, తర్వాత 24 గంటల్లో 200. స్టెరాయిడ్ చరిత్ర అడిగి ఉండకపోతే ఈ డోసు ఎవరికీ తట్టేది కాదు.

కిలోలు నిజంగా కావాల్సింది ఇక్కడే: యాంటీబయాటిక్ డోసుకు, కాలిలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ డోసుకు, థియేటర్ బల్లకు, వాకర్ తట్టుకునే బరువుకు. అందుకని కాటా అక్కర్లేదనలేం. దాన్ని తలుపున్న గదిలో పెట్టండి, అంకె పైకి చదవకుండా రాయండి. చేతుల్లేని వెడల్పు కుర్చీ ఒకటి, ఎక్కడానికి మెట్టు ఉన్న పరీక్ష బల్ల ఒకటి ఉంటే స్టూలు మీది పరీక్షలు సగం తగ్గుతాయి.

బరువు గురించి మాట్లాడొద్దా అంటే, మాట్లాడాలి. మోకాలి అరుగుదల ఉన్నవారిలో ఒక కిలో తగ్గితే అడుగుకి నాలుగు కిలోల భారం మోకాలి మీద తగ్గుతుందని కొలిచి చూపించారు. కాకపోతే పరీక్ష అయ్యాక, వచ్చిన బాధకు జవాబు చెప్పాక, అడిగి మాట్లాడాలి: "అమ్మా, మీ నొప్పి తుంటిది, దానికి ఏం చెయ్యాలో చెప్పాను. బరువు సంగతి ఇప్పుడు మాట్లాడుకుందామా, ఇంకోసారా?" చీటీ మీద కూడా రోగ నిర్ధారణ గడిలో "స్థూలకాయం" అని మొదట రాయకూడదు. తర్వాత చూసే డాక్టరు అక్కడి నుంచే మొదలుపెడతారు. ఈ కేసులో మొదటి చీటీ మాటే మిగిలిన నాలుగూ కాపీ కొట్టాయి. "తుంటి తిప్పుడు: ఎడమ __, కుడి __" అని రెండు ఖాళీలు అచ్చేసిన ఓపీ చీటీ ఉంటే, ఖాళీ ఖాళీగా ఉండటమే అడుగుతుంది.

పేషెంటు వైపు నుంచి అడగదగిన ప్రశ్న ఒకటుంది, గొడవ లేకుండా పనిచేసేది: "ఇదే నొప్పితో సన్నగా ఉన్నవాళ్లొస్తే ఏం పరీక్ష రాస్తారండీ? అది నాకూ రాయండి." బరువు ఏ నెలలో ఎంత ఉందో తెలిసినంతవరకు రాసుకుని, పేరు లేని బిళ్లలతో సహా వాడేవన్నీ తీసుకెళ్లడం ఇంకోటి.

ఆపరేషనైన ఆరు నెలలకు ఆవిడ బరువు 81. డైటింగ్ ఏమీ లేదు, ప్రెడ్నిసొలోన్ 2.5కి దిగింది, కార్టిసోల్ 8.6 దాకా లేచింది, ఇంకా పూర్తిగా ఆపలేదు. ఎడమ కాలితో మిషన్ తొక్కుతున్నారు. కుడి బంతి ఎక్స్-రేలో గుండ్రంగానే ఉంది. మొదటి రెండేళ్లలో కుంగే అవకాశం ఉంది కాబట్టి ప్రతి ఆరు నెలలకీ రెండు భంగిమల్లోనూ ఫిల్ము తీయించుకోవాలి, గజ్జలో కొత్తగా నొప్పి వస్తే ఆ గడువు దాకా ఆగకూడదు.